తొమ్మిది అడుగుల గదిలో స్లైడింగ్ వార్డ్‌రోబ్: ఆరేళ్ల తర్వాత

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇల్లు. పడకగది వెడల్పు 9 అడుగులు, పొడవు 12. ఐదడుగుల మంచాన్ని పొడవాటి గోడకు ఆనించేస్తే మిగిలేది 48 అంగుళాలు. అందులోనే ఎదురు గోడకు వార్డ్‌రోబ్ రావాలి, మనిషి నడవాలి.

మడతబందుల తలుపులైతే 24 అంగుళాల లోతు, నడవకు ఇంకో 24. 18 అంగుళాల తలుపు తెరిస్తే మంచానికీ దానికీ మధ్య ఆరంగుళాలే మిగులుతుంది. చీర వెతికే మనిషి మంచమెక్కి కూర్చోవాలి. అందుకే స్లైడింగ్ అన్నాం. ఒకదాని వెనక ఒకటి జరిగే రెండు తలుపుల ట్రాక్ మూడంగుళాలు మింగుతుందని మాకు కొలతలప్పుడే తెలిసింది. హ్యాంగర్‌కు చోటు తగ్గకూడదని లోతు 27 చేయించాం. నడవ 21కి వచ్చింది. పక్కకు తిరక్కుండా నడవొచ్చు, అంతే.

అసలు పొరపాటు లోపల జరిగింది. వార్డ్‌రోబ్ పొడవు 84 అంగుళాలు, ఒక్కో తలుపు 43. ఆచారి లోపల 28 చొప్పున మూడు గడులు చేసి, మధ్య గడిలో సొరుగులు పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఏ తలుపు ఎటు జరిపినా ఒకసారికి తెరుచుకునేది 41 అంగుళాలే. అంటే మధ్య గడి ఎటునుంచి చూసినా 13 అంగుళాలే కనిపిస్తుంది. మిగతాదానికి తలుపు అడ్డం. సొరుగు బయటికి రానే రాదు! మొదటి వారంలోనే మా ఆవిడ నగల పెట్టె లోపలే ఉండిపోతే, తలుపు ట్రాక్ నుంచి ఎత్తి తీయాల్సి వచ్చింది. తర్వాత సొరుగులు పీకించి అరలు కొట్టించాం. రెండు తలుపులకు రెండు గడులే ఉండాలి, అడ్డగోడ సరిగ్గా మధ్యలో రావాలి. సొరుగులు కావాలంటే చెరో చివరకి పెట్టించుకోండి.

కింది ట్రాక్‌లో దుమ్ము చేరడం మామూలే. ఎండాకాలం గాలికి వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో తుడవకపోతే తలుపు గరగరమంటుంది. అద్దం ఉన్న తలుపు బరువుకు నాలుగో ఏడు రోలర్ అరిగిపోయింది. కింద ఒక మూల ట్రాక్‌కు రాసుకోవడం చూసి పట్టుకున్నాం.

మనిషి లోపలికి నడిచి వెళ్లే వాక్-ఇన్ వార్డ్‌రోబ్ కావాలని మా తమ్ముడు గట్టిగా పట్టుబట్టాడు. రెండడుగుల అరలు, మనిషి తిరగడానికి కనీసం మూడడుగులు కలిపితే ఐదు. 12లో ఐదు పోతే ఆరున్నర అడుగుల మంచం ఎలాగోలా పడుతుంది, గది మాత్రం పోతుంది. కిటికీ లేని ఆ మూల కార్తీకం వానలకు చీరలు ముక్క వాసన కూడా వేస్తాయి.

పిల్లల గదిలో మూడడుగుల మంచమే కాబట్టి మడతబందులే పెట్టించాం. తలుపులు 15 అంగుళాలవి, అన్నీ ఒకేసారి తెరిచి మొత్తం చూసుకోవచ్చు. వాన తేమకు ఒకటి కిందికి వాలితే, నేనే స్క్రూడ్రైవర్‌తో బందు మర రెండు చుట్లు తిప్పి సరిచేశాను. రోలర్‌కు మాత్రం ఆచారి వచ్చేదాకా పదకొండు రోజులు ఆగాం.