లక్షల మ్యాప్ టైల్స్‌తో నాలుగేళ్లు: ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌పై నా అనుభవం

రాయగడలో మాది చిన్న సర్వే ఆఫీసు. డ్రోన్ ఫొటోలను ఊరూరికీ మ్యాప్ టైల్స్‌గా కోసి, విండోస్ ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్ఎస్‌తో ఫార్మాట్ చేసిన 1 టీబీ ఎస్ఎస్‌డీలో పెడతాం. ఒక్కో టైల్ రెండు మూడు కేబీల పీఎన్‌జీ ఫైలు. ఒక దశలో అవి 62 లక్షలు దాటాయి. పాత ఊళ్లు తీసేశాక 21 లక్షలు మిగిలాయి. ఖాళీ చోటు మాత్రం లెక్కకు రాలేదు. "బావా, ఆరు జీబీ ఎవడు తిన్నాడు?" అన్నాడు మావాడు.

తిన్నది ఎంఎఫ్‌టీ, అంటే డ్రైవ్‌లోని ప్రతి ఫైలుకూ చిట్టా రాసే పట్టిక. మామూలుగా ఒక్కో ఫైలుకు అందులో 1 కేబీ రికార్డు పడుతుంది. 62 లక్షలకు సుమారు 5.9 జీబీ. ఫైలు తీసేస్తే ఆ రికార్డు ఖాళీ అవుతుంది, కొత్త ఫైలుకు మళ్లీ పనికొస్తుంది. పట్టిక మాత్రం చిన్నదవదు. తగ్గించాలంటే ఫైళ్లు వేరే చోట దాచి, ఫార్మాట్ చేసి, వెనక్కి కాపీ చేయాల్సిందే. ఎంత పెరిగిందో అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో చూడొచ్చు:

```
fsutil fsinfo ntfsinfo D:
```

అందులో `Mft Valid Data Length` చూడండి. సరిహద్దు బయట పడే ఖాళీ టైల్స్ మూడొందల బైట్లే కాబట్టి ఆ రికార్డులోనే ఇమిడిపోతాయి, వాటికి విడిగా క్లస్టర్, అంటే డిస్కులో ఫైలుకిచ్చే చోటు ముక్క, పట్టదు. ఈ ఒక్క విషయంలో ఎన్‌టీఎఫ్ఎస్‌కు మెచ్చుకోలు.

నన్ను నిజంగా ఏడిపించింది చేంజ్ జర్నల్, అంటే డ్రైవ్‌లో ఏ ఫైలు మారినా ఎన్‌టీఎఫ్ఎస్ రాసుకునే చిట్టా. అది ఉండే `$J` సైజు వందల జీబీలని ఒక టూల్ చూపిస్తే టెన్షన్ పడ్డాను. అది స్పార్స్ ఫైలు, అంటే ఖాళీ భాగాలకు డిస్కులో చోటు పట్టనిది. ముందు వైపు పెరుగుతూ, పాత భాగాన్ని వదిలేస్తుంది. డిస్కు మీద ఉండేది గరిష్ఠ పరిమితి, దాని మీద కొంచెం. మా డ్రైవ్‌లో ఆ పరిమితి 32 ఎంబీ. చిక్కు అది పెరగడంలో లేదు, చాలకపోవడంలో ఉంది.

టైల్ పుట్టినప్పుడు, డేటా రాసినప్పుడు, మూసినప్పుడు ఒక్కో రికార్డు పడుతుంది. మా చిన్న పేర్లకు ఒక్కోటి 80 బైట్లు, అంటే టైల్‌కు 240. ఈ లెక్కన 32 ఎంబీలో పట్టేది 1.4 లక్షల టైల్స్. మేం ఒక రాత్రిలో 6 లక్షలు కోస్తాం. బ్యాకప్ ప్రోగ్రాం పొద్దున్న వచ్చి చూసేసరికి జర్నల్‌లో తను ఆగిన చోటు చెరిగిపోయి ఉండేది. పాపం, మొత్తం డ్రైవ్ మొదటి నుంచి తిరిగేది. పది నిమిషాల పని ఐదు గంటలు. ఏడాదిపాటు తప్పు బ్యాకప్ ప్రోగ్రాందే అనుకుని తిట్టుకున్నాను.

```
fsutil usn queryjournal D:
fsutil usn createjournal m=536870912 a=67108864 D:
```

మొదటిది ఇప్పుడున్న పరిమితి చెబుతుంది. రెండోది దాన్ని 512 ఎంబీకి పెంచుతుంది, సుమారు 22 లక్షల టైల్స్‌కు సరిపడా. `deletejournal` మాత్రం ఊరికే కొట్టకండి, జర్నల్ మీద ఆధారపడిన ప్రోగ్రాములన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

పని అయిపోయిన ఊళ్లను ఇప్పుడు టైల్స్ అన్నీ ఒకే ఫైలులో పట్టే ఎంబీటైల్స్ రూపంలో, ఊరికొక ఫైలుగా కట్టేస్తున్నాం. ఎన్‌టీఎఫ్ఎస్‌కు ఐదుకు మూడు మార్కులు. ఎంఎఫ్‌టీ ఇంకా 5.9 జీబీలోనే ఉంది, ఫార్మాట్‌కు తీరిక దొరకలేదు.