వాన నీటి పులుపు: కార్బన్ డయాక్సైడ్‌దా, సల్ఫర్ డయాక్సైడ్‌దా?

కార్బన్ డయాక్సైడ్: గాలిలో ఎప్పుడూ ఉండేదే. చినుకులో కరిగి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. అది బలహీనం, కొద్ది భాగమే హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. అందుకే పీహెచ్ 5.6 దగ్గర ఆగుతుంది; ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. గాలిలో ఈ వాయువు రెట్టింపైనా తగ్గేది 0.15 మాత్రమే.

సల్ఫర్ డయాక్సైడ్: గాలిలో ఉండేది అత్యల్పం, ప్రభావం మాత్రం పెద్దది. మేఘపు బిందువుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ బలమైన ఆమ్లంలో ఒక్కో అణువు రెండేసి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. లీటరుకు 1.2 మిల్లీగ్రాములుంటే చాలు, పీహెచ్ 4.6కు పడిపోతుంది. అంటే అయాన్లు పది రెట్లు!

పీహెచ్ 5.6 దగ్గరుంటే మొదటిదే కారణమనుకోవచ్చు, కానీ సున్నపు ధూళి ఆమ్లాన్ని తటస్థం చేసి మోసగించగలదు. 4.6 ఉండి, సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటిలో మిగిల్చే సల్ఫేటు కూడా ఎక్కువగా ఉంటే రెండోదాన్నే అనుమానించాలి. అయితే అది పొగగొట్టాలదే కానక్కర్లేదు, అగ్నిపర్వతాలూ ఈ వాయువును వదులుతాయి.