చెన్నై ఉక్కపోతలో ఫోన్ కూలర్: చల్లదనం సరే, నీళ్ల సంగతేంటి?

ఫోన్ వెనక క్లిప్పుతో బిగించుకునే కూలర్ ఒకటి చాలాకాలంగా వాడుతున్నాను. ఉత్త ఫ్యాన్ ఉండే రకం కాదు, లోపల మంచులా చల్లబడే పలక ఉంటుంది, పెల్టియర్ అంటారు. రంగుల లైట్లు, బరువు, శబ్దం గురించి అందరూ చెప్పేశారు. నేను చెప్పేది ఒకటే: ఇది ఫోన్‌ని చల్లబరుస్తుంది, చెన్నైలో అయితే దానికి చెమట కూడా పడుతుంది.

వేలచ్చేరిలో మా గది ఎండాకాలం రాత్రి కూడా ఉడుకుతూనే ఉంటుంది. ఫోన్‌లో బీజీఎంఐ ఆట మొదటి మ్యాచ్ హాయిగా నడిచేది. రెండో మ్యాచ్ మధ్యలోకి వచ్చేసరికి సెకనుకు 60 ఫ్రేములు 40 దగ్గరికి పడిపోయేవి, స్క్రీన్ వెలుతురు దానంతటదే తగ్గేది. ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు కదా, చిప్‌లో పుట్టిన వేడంతా వెనక ప్యానెల్ నుంచే గాలిలోకి పోవాలి. గాలే వేడిగా ఉంటే అది ఎక్కడికి పోతుంది? పెట్టె మీద గొప్పగా రాసే వేపర్ చాంబర్ వేడిని ఫోనంతా పరుస్తుందే తప్ప బయటికి నెట్టదు. ప్యానెల్ బాగా కాలడం మొదలైతే చెయ్యి చురుక్కుమనకుండా ఫోనే చిప్ వేగం తగ్గించేస్తుంది.

కూలర్‌ని నడిమధ్యలో బిగిస్తే పెద్ద తేడా రాలేదు, అక్కడున్నది బ్యాటరీ. పది నిమిషాలు ఆడి వెనక వేలితో తడిమి చూస్తే కెమెరా కింద ఒకచోట బాగా కాలింది. చిప్ అక్కడుంది. కూలర్‌ని అక్కడికి జరిపాక ఫ్రేములు నిలబడ్డాయి. ఆ వారమంతా కనబడిన ప్రతివాడికీ కొనమని చెప్పాను.

తర్వాత మే నెలలో ఓ రాత్రి ఏసీ పనిచేయలేదు. కిటికీలు తీసి, ఆట మొదలుపెట్టే ముందే ఆన్ చేయమని కూలర్ కాగితంలో ఉన్నట్టే పెట్టి, స్నేహితుల కోసం గేమ్ లాబీలో ఎదురుచూస్తున్నాను. అరచేతికి తడి తగిలింది. చెమటేమో అనుకున్నాను. తిప్పి చూస్తే పలక అంచున నీటిబొట్లు వరసగా కట్టి, ఫోన్ అంచు వెంబడి చార్జింగ్ పోర్ట్ వైపు జారుతున్నాయి. కాసేపటికి పోర్ట్‌లో తేమ ఉందని హెచ్చరిక వచ్చింది. ఆ రాత్రి చార్జింగ్ ఎక్కలేదు. కస్టమర్ కేర్ వాళ్లు తడి వారంటీ కిందికి రాదన్నారు, అంతకుమించి ఒక్క మాట లేదు.

అసలు విషయం గాలిలో ఉంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు పేరుకుంటాయి. చల్లటి సోడా సీసాకి పట్టినట్టే. నా కూలర్ డిస్‌ప్లే అప్పుడు 15 చూపిస్తోంది. అది పలక ఉష్ణోగ్రత, ఫోన్‌ది కాదు. ఏసీ గదిలో 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే నీళ్లు పేరుకునే ఆ హద్దు 14 దగ్గరికి దిగుతుంది కాబట్టి గొడవ ఉండదు. బెంగళూరులో మా తమ్ముడు ఇదే కూలర్ ఫుల్ మీద పెడతాడు. "నాకెప్పుడూ నీళ్లు రాలేదే అన్నా" అంటాడు. అక్కడి ఎండాకాలం సాయంత్రం పొడిగా ఉంటుంది మరి.

ఇప్పుడు ఏసీ లేకపోతే ముందు ఆట మొదలుపెడతాను, వెనక వేడెక్కాకే కూలర్ ఆన్ చేస్తాను. డిస్‌ప్లే 27 కిందికి పోకుండా తక్కువ లెవెల్‌లో ఉంచుతాను. మధ్యమధ్యలో టిష్యూతో అంచు తుడిచి చూస్తాను. కెమెరా గాజు లోపల మసక కనబడిందంటే మాత్రం తేమ లోపలికి చేరినట్టే, ఫోన్ వెంటనే ఆపేయాలి.

ఇంత జాగ్రత్తగా వాడితే లాభం కూడా తగ్గింది. అందుకే ఒకరోజు కూలర్ తీసేసి చూశాను. మందపాటి కవర్ విప్పి, ఫ్రేమ్ రేట్‌ని ఎక్స్‌ట్రీమ్ నుంచి అల్ట్రాకి, అంటే 60 నుంచి 40కి దించి, సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చున్నాను. చార్జర్ పెట్టినా కరెంట్ బ్యాటరీలోకి వెళ్లకుండా నేరుగా ఫోన్‌ని నడిపే బైపాస్ చార్జింగ్ ఆన్ చేశాను. బ్యాటరీ చార్జయ్యేటప్పుడు పుట్టే వేడి అలా తప్పిపోతుంది. వరసగా మూడు మ్యాచ్‌లు ఎక్కడా తడబడలేదు. కూలర్ ఖాతాలో వేసిన పొగడ్తలో కొంత వీటికే చెందాలి. బైపాస్ అన్ని ఫోన్లలో ఉండదు. లేకపోతే ముందే చార్జ్ చేసుకుని, వైరు తీసి ఆడటమే.

60 ఫ్రేములు కచ్చితంగా కావాలి, గదిలో ఏసీ ఉంది అంటే కొనుక్కోండి. నాకు రాత్రిపూట మాత్రమే ఏసీ, అదీ రూమ్మేట్ ఒప్పుకుంటే. అందుకని నా కూలర్ వారంలో సగం రోజులు డ్రాయర్‌లోనే ఉంటోంది. అమ్మేద్దామనుకున్నాను కానీ, తమ్ముడు వాడిది పాడైతే ఇది తీసుకుంటానన్నాడు.