బీచ్ ఫోటోలో అడుగులు తీయిస్తున్నారా? ప్రింటుకు ముందు ఇసుక చూడండి

నెల్లూరు, ఒంగోలు వైపు ప్రీ వెడ్డింగ్ ఫోటోలు ఎడిటింగ్‌కి ఇస్తున్నవాళ్లు జాగ్రత్త. మైపాడులో పొద్దున్నే తీసిన ఒక జంట ఫోటోలో జనం తొక్కిన అడుగులు తీసేయమని ఇస్తే, అడుగులతోపాటు గాలికి ఇసుకలో పడ్డ గీతలూ చెడిపోయాయి. వాట్సాప్‌లో వచ్చిన శాంపిల్ చూసి ఓకే చెప్పి, డబ్బు కట్టేశారు. 12×36 అంగుళాల షీటు చేతికొచ్చాక చూస్తే జంట ముందున్న ఇసుకంతా అతుకులేసిన గోనెసంచిలా ఉంది. 300 డీపీఐలో ఆ షీటు వెడల్పు 10,800 పిక్సెళ్లు. అంత వివరం ఫోన్ తెరమీద కనపడదు.

చాలాచోట్ల ఫోటోషాప్‌లో స్పాట్ హీలింగ్ బ్రష్ ఒక్కటే రుద్ది వదిలేస్తున్నారు. అది చుట్టుపక్కల ఇసుక తెచ్చి రంగు కలుపుతుందేగానీ, గాలి గీతల్లో అతుకుకు ఈ పక్క గట్టు ఆ పక్క గట్టుతో కలవాలని చూడదు. గీత అతుకు దాకా వచ్చి ఆగి, కాస్త పక్కకు జరిగి మళ్లీ మొదలవుతుంది.

వెలుగు సంగతి ఇంకా ముఖ్యం. మన తీరంలో పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు. సముద్రం వెనక పెట్టి తీస్తే ప్రతి గట్టుకూ అవతలి వైపు మెరుపు, మన వైపు నీడ. ముక్కను తిరగేసి అతికిస్తే గట్టు గుంటలా కనిపిస్తుంది. సాయంత్రం ఫోటోలోంచి తెచ్చిన ఇసుక అతికించినా ఇంతే. కంటెంట్ అవేర్ ఫిల్ వాడితే Mirror ఆపే ఉంచమనండి.

సరిగ్గా చేసేవాళ్లు ఖాళీ లేయర్ మీద క్లోన్ స్టాంప్ వాడతారు, శాంపిల్ Current & Below పెడతారు. ఇసుకను ఆ అడుగుకు పక్కనుంచి, ఫోటోలో అదే ఎత్తునుంచి తీస్తారు. దూరం వెళ్లేకొద్దీ గీతలు దగ్గరవుతాయి కాబట్టి పైనుంచి తెచ్చిన ముక్క కింద సరిపోదు. Alt నొక్కి గట్టు అంచుమీద క్లిక్ చేసి, అదే గట్టు తెగిన చోట మొదలుపెడతారు. అడుగు చుట్టూ ఉబ్బిన ఇసుకను కూడా కలిపి తీయాలి, లేకపోతే ఉంగరంలా మిగిలిపోతుంది. జంట కాళ్ల కింది అడుగులు మాత్రం ఉంచాలి, అవి తీస్తే మనుషులు గాల్లో తేలినట్టుంటారు.

మిగతా డబ్బు ఇచ్చేముందు ఇసుక భాగాన్ని 100% సైజులో, వాట్సాప్ అయితే డాక్యుమెంట్‌గా పంపించమని అడగండి. ఒక్కో గట్టు వెంట వేలు పెట్టి నడిపించండి. ఒక గీత రెండుగా చీలడం, సన్నబడి కలిసిపోవడం సహజమే. నాలుగైదు గీతలు ఒకే వరసలో తెగితే అది అతుకు. ఒకే గవ్వ రెండుచోట్ల కనిపించినా అంతే.

ముందుభాగమంతా తొక్కేసి ఉంటే తీసుకోవడానికి శుభ్రమైన ఇసుకే ఉండదు. అలాంటి ఫోటోకి "అన్నీ తీసేస్తాం" అన్న మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి, కింది భాగం క్రాప్ చేయించండి.