పాచికల పాస్‌ఫ్రేజ్: బిట్ల లెక్క మీద నా మాట

పాచిక వేసి, పడిన అంకెలకి జాబితాలో ఎదురుగా ఉన్న పదాలను వరసగా తీసుకుని పాస్‌వర్డ్‌గా వాడే పద్ధతి ఇది. ఇందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే. పాస్‌ఫ్రేజ్ మొహం చూడకుండానే దాని బలం చెప్పేయొచ్చు. 7776 పదాల జాబితా, పదానికి ఐదుసార్లు పాచిక, మొత్తం ఆరు పదాలు అని చెబితే చాలు, లెక్క తేలిపోతుంది. పదానికి 12.9 బిట్ల చొప్పున దాదాపు 77.5 బిట్లు. ఒక్కో బిట్టు పెరిగితే దొంగ ఊహించాల్సినవి రెట్టింపవుతాయి. ఏ పదాలు పడ్డాయో నాకు అక్కర్లేదు. సైట్లలో పాస్‌వర్డ్ కింద కదిలే ఎర్రగీత, పచ్చగీత ఉంటాయి చూడండి, అవంటే నాకు ఒళ్లుమంట. `Parla@1234` కొడితే పచ్చగా నవ్వుతాయి, అంకె లేదని ఆరు పదాలకి ఎర్రబడతాయి. పడిన అక్షరాలే వాటికి కనిపిస్తాయి గానీ అవి ఎలా పుట్టాయో వాటికేం తెలుసు!

పర్లాకిమిడిలో షాపుల లెక్కలు రాసే పని నాది. అందరి లాగిన్లూ దాచే పెట్టెకి తాళం ఈ పాస్‌ఫ్రేజే. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2016లో ఇచ్చిన జాబితాని ప్రింటు తీసి, పిల్లల లూడో పాచికతో వేశాను. అందులో 11111 పడితే `abacus`, 66666 పడితే `zoom`.

నా మేనల్లుడు కూడా వేసుకున్నాడు. కొన్నాళ్లకి వచ్చి "మామయ్యా, నాదీ 77 బిట్లే, పైగా కథలా కుదిరింది, మర్చిపోదామన్నా మర్చిపోలేను" అన్నాడు. ఆ 'కుదిరింది' దగ్గరే నాకు అనుమానం వచ్చింది. పాచికలు పనిగట్టుకుని కథలు చెప్పవు కదా. అడిగితే తేలిందేమిటంటే, వాడు ఆరు పదాల వరసలు పది వేసి అన్నిట్లోకీ నచ్చింది ఉంచుకున్నాడు. ఆపైన పదాలను అటూఇటూ జరిపి వాక్యంలా పేర్చాడు.

ఇక్కడే ఈ లెక్క నన్ను ఆశ్చర్యపరిచింది. చెయ్యి పెట్టినందుకు ఎంత పోయిందో కూడా బిట్లలోనే చెప్పొచ్చు. పదింట్లో ఒకటి ఏరుకుంటే పోయేది మహా అయితే 3.3 బిట్లు, అంటే రెండు ఆధారంగా 10కి లాగరిథమ్. ఆరు పదాలను 720 రకాలుగా పేర్చొచ్చు, అందులో ఒకటి మనమే ఎంచుకుంటే మహా అయితే 9.5 బిట్లు. రెండూ కలిపి 12.8, దాదాపు ఒక పదం ఖరీదు. రోజూ ఆరు పదాలు టైప్ చేస్తూ, గట్టిగా నమ్ముకోగలిగింది ఐదు పదాల బలమే. సెకనుకి లక్ష కోట్ల ఊహలు వేసే దొంగ ఉన్నాడనుకుందాం. ఆరు పదాలకి వాడికి సగటున 3500 ఏళ్లు పట్టేది, ఐదు పదాలైతే ఐదున్నర నెలలు.

మావాడి ఇష్టాయిష్టాలు దొంగకి పూర్తిగా తెలిస్తేనే అంత నష్టం, నిజానికి అంతకన్నా తక్కువే పోయి ఉంటుంది. కానీ ఆ తక్కువ ఎంతో ఎవరూ కొలవలేరు కాబట్టి నేను మొత్తం తీసేసే లెక్కేస్తాను.

"మరి నీ లూడో పాచిక మాత్రం నిక్కచ్చిగా పడుతుందా?" అని ఎదురు తగులుకున్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆరు అంకె ఆరింట ఒకసారి కాకుండా ఐదింట ఒకసారి పడి, మిగతావి సమానంగా పడితే, సగటు లెక్కన ముప్పైసార్లు వేసినదానికీ కలిపి పోయేది 0.2 బిట్టు లోపే. వంకర పాచిక కన్నా మన ముచ్చటే ఎక్కువ తినేస్తుందన్నమాట. చివరికి ఏడో పదం వేసి చివర తగిలించుకోమన్నాను, అది ఎక్కడ పడితే అక్కడ కాదు, చివరే. కథ పాడైందని గొణుక్కుంటూనే తగిలించుకున్నాడు.

బలం ముందే తెలుస్తుందని పైన గొప్పగా రాశాను గానీ, అది వేసినవాడు నిజం చెబితేనే. పాస్‌ఫ్రేజ్‌ని ఎంత తిప్పి చూసినా ఏరుకున్నారో లేదో బయటపడదు. ఇంకోటి, ఈ బిట్లు ఊహించి కొట్టేవాడికే అడ్డు. మా కొట్టులో బల్లకి ఎదురుగా కూర్చుని వేళ్లు చూసేవాడికి 77 అయినా 7 అయినా ఒకటే.

నాకైతే పొద్దున్నే ఒకసారి పెద్ద కీబోర్డు మీద కొట్టే పని, అందుకే హాయిగా ఉంది. మా ఆవిడ ఫోన్లోనే అన్నీ చూసుకుంటుంది, ఆ చిన్న అక్షరాల మీద ఆరు ఇంగ్లీషు పదాలు కొట్టలేక రెండోరోజే మానేసింది. ఆమెని మళ్లీ వాడమని నేను అడగలేదు.