ఫోటోలో తెల్లజుట్టు కవర్ చేయించాలనుకునేవాళ్లకు: మా అమ్మ ఫోటోకు జరిగింది మీకు జరగొద్దు

నల్గొండ చుట్టుపక్కల ఎవరైనా పెద్దవాళ్ల ఫోటోలను రీటచింగ్‌కు ఇచ్చేటట్లుంటే ఇది ఒక్కసారి చదవండి. స్టూడియో పేరు రాయడం లేదు. ఇది ఒక్క షాపు తప్పు కాదు, చాలాచోట్ల తొందరలో చేసే పద్ధతే ఇది.

మా నాయిన షష్టిపూర్తికి అమ్మానాయినల ఫోటో ఒకటి పెద్దగా ఫ్రేమ్ కట్టిద్దామనుకున్నాం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర పొద్దున పూట నా ఫోన్‌తో తీసిన ఫోటో అది. ఎండ ఎడమ పక్క నుంచి పడి ఇద్దరి ముఖాలూ బాగా వచ్చాయి. అమ్మ ఒక్కటే కోరింది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు కొంచెం తగ్గించమని, పాపిట దగ్గర పలచబడి నెత్తి కనపడుతోంది కదా, అది అంతగా కనపడకుండా చూడమని. నేను ఆ ఫోటోను వాట్సాప్‌లో స్టూడియోకు పంపి, 12×18 సైజు ఫ్రేమ్‌కు 1,500 రూపాయలు ముందే కట్టేసి వచ్చాను. ఈ రెండూ నేను చేసిన తప్పులు.

ఫ్రేమ్ ఇంటికొచ్చాక అమ్మ చాలాసేపు చూసి, "ఇది నా తల లెక్క లేదు కొడుకా" అన్నది. నుదుటి నుంచి కొప్పు దాకా ఒకే నలుపు. ఒక్క వెంట్రుక విడిగా లేదు, పాపిటే లేదు. నుదురూ జుట్టూ కలిసేచోట కత్తెరతో కత్తిరించినట్టు గీత. ముఖం మీద ఎడమ పక్క ఎండ తెలుస్తోంది, జుట్టు మీద మాత్రం ఆ వెలుగు ఎక్కడా లేదు. తిరిగి వెళ్లి అడిగితే ప్రింటు పడిపోయిందన్నారు. ఫంక్షన్ రెండు రోజుల్లో ఉంది, టెన్షన్‌లో గట్టిగా అడగలేకపోయాను.

మా బావమరిది మహబూబ్‌నగర్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. అతను ఫోటో చూడగానే, "బావా, నల్ల బ్రష్ పట్టి పూసేసిన్రు" అన్నాడు. అసలు ఫైల్ నా ఫోన్‌లోనే ఉంది కాబట్టి మళ్లీ మొదటినుంచి చేశాడు. పక్కన కూర్చుని చూశాను. అప్పుడు అర్థమైంది, పూయడం వేరు, ముదురు చేయడం వేరు.

ఫోటోలో ప్రతి చుక్కకూ 0 నుంచి 255 దాకా వెలుగు అంకె ఉంటుంది. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. అమ్మ కణత దగ్గర ఒక తెల్లవెంట్రుక 200 ఉంటే, దాని పక్క సందులోని నీడ 40 ఉందనుకోండి. మామూలు బ్రష్‌తో నలుపు పూస్తే రెండూ ఒకే అంకె అవుతాయి, 20 అనుకుంటే రెండూ 20. వెంట్రుకకూ నీడకూ తేడా పోయింది కాబట్టి అది జుట్టులా కాకుండా గోడకు వేసిన రంగులా కనపడుతుంది.

బావమరిది ఫోటోషాప్‌లో అసలు ఫోటో మీద కొత్త లేయర్, అంటే ఒక ఖాళీ పొర, వేసి దాన్ని `Multiply` మోడ్‌లో పెట్టాడు. అందులో కింది అంకెను పై రంగు అంకెతో గుణించి 255తో భాగిస్తారు. పైన 90 ఉన్న ముదురు గోధుమ రంగు వేస్తే 200 ఉన్న వెంట్రుక సుమారు 71కి, 40 ఉన్న నీడ 14కి దిగుతుంది. రెండూ ముదురయ్యాయి కానీ వెంట్రుక ఇంకా వెంట్రుకగానే ఉంది. ఇక్కడ రంగు పూర్తి నలుపు తీసుకుంటే మాత్రం ఏది గుణించినా 0 వస్తుంది, మళ్లీ అదే ముద్ద నలుపు. అందుకే అతను అమ్మ చెవి వెనక ఇంకా నల్లగా ఉన్న జుట్టు నుంచే రంగు తీసుకుని, దాన్ని కొంచెం లేతగా చేసుకున్నాడు. మెత్తటి బ్రష్‌ నుంచి రంగు పలచగా పడేటట్టు `Flow`ను 15 శాతం దగ్గర ఉంచి, వెంట్రుకలు ఏ వైపు దువ్వి ఉంటే ఆ వైపే కొద్దికొద్దిగా వేశాడు. నుదుటి అంచు దాకా పోలేదు, అక్కడ సన్నటి వెంట్రుకలను అట్లే వదిలేశాడు. చివరికి లేయర్ `Opacity` తగ్గిస్తే అక్కడక్కడా ఒకటి రెండు తెల్లవి మిగిలాయి. అమ్మ వయసుకు అవి ఉంటేనే నమ్మేటట్టుంది.

పాపిట దగ్గర మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ కనపడేది వెంట్రుక కాదు, చర్మం. చర్మాన్ని ముదురు చేస్తే నెత్తికి మసి అంటినట్టు కనపడుతుంది. అక్కడ జుట్టే పెట్టాలి. అతను పాపిట పక్కనే ఒత్తుగా ఉన్న చిన్న ముక్కను ఎంచుకుని `Ctrl+J`తో వేరే లేయర్‌లోకి తీసి, పాపిట వైపు కొంచెం జరిపి, అంచులను మాస్క్‌తో మెత్తగా చెరిపాడు. ఎడమ వైపుకు ఎడమ జుట్టే, కుడి వైపుకు కుడి జుట్టే వాడాడు. తిప్పి వాడితే వెలుగు కూడా తిరగబడి ఎదురు దిక్కు నుంచి వచ్చినట్టు తెలిసిపోతుంది. తర్వాత రెండు పిక్సెళ్ల సన్న బ్రష్‌తో కుదుళ్ల దగ్గర కొన్ని వెంట్రుకలు గీశాడు. పాపిట వెడల్పు సగం తగ్గించాడంతే, మూసెయ్యలేదు. పాపిట లేని అమ్మను మేమెవరం ఎప్పుడూ చూడలేదు కదా.

ఆఖరున చిన్న పని ఒకటి. ఫోన్ ఫోటోలో సన్నటి గరుకుదనం ఉంటుంది, బ్రష్‌తో వేసినచోట అది ఉండదు. అక్కడ `Add Noise` 2 శాతం వేస్తే రెండూ కలిసిపోయాయి.

కాబట్టి మీరు ఇచ్చేటప్పుడు ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి. అది సైజు తగ్గించి నొక్కేస్తుంది, సన్న వెంట్రుకలు ముందే కలిసిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. అసలు ఫైల్ మీ దగ్గర తప్పకుండా ఉంచుకోండి. డబ్బు మొత్తం ముందే కట్టకండి, ప్రింటుకు ముందు వాళ్ల కంప్యూటర్‌లోనే 100 శాతం జూమ్‌లో చూపించమనండి. దూరం నుంచి చిన్నగా చూస్తే నలుపు పూసింది కూడా బాగానే ఉన్నట్టుంటుంది, నేను ఫోన్‌లో ప్రూఫ్ చూసి సరేనన్నది అందుకే. జూమ్‌లో నుదుటి అంచు, చెవి పైభాగం, పాపిట ఈ మూడు చోట్ల వెంట్రుకలు విడివిడిగా కనపడుతున్నాయా, ముఖం మీద వెలుగు ఏ పక్క ఉందో జుట్టు మీద కూడా ఆ పక్కే ఉందా అని చూడండి.

ఒక్క సందర్భంలో మాత్రం మంచి పనివాడు కూడా పెద్దగా ఏమీ చేయలేడు. ఫ్లాష్ దగ్గరగా పడి తెల్లజుట్టు పూర్తిగా 255కు వెళ్లిపోయిన ఫోటోలో వెంట్రుకల సమాచారమే ఉండదు, `Multiply` వేసినా ఒకే రంగు ముద్ద వస్తుంది. మా నాయినది పాత ఫోటో ఒకటి అట్లాంటిదే. బావమరిది దాన్ని ముట్టుకోకుండా, "దీన్ని తెల్లగనే ఉండనీ బావా, ఇంకో ఫోటో వెతుకు" అని తిరిగిచ్చాడు.