జాగ్రత్త: ఆ "రిస్క్ మేనేజ్‌మెంట్ షీట్" కొనేముందు 642, 634 వేసి చూడండి

ఇంట్రాడేకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను. 3,499 రూపాయలు పెట్టి ఒక ట్రైనింగ్ వాళ్ళ దగ్గర ఎక్సెల్ షీట్ కొన్నాను. ఎంట్రీ ధర, స్టాప్‌లాస్ కొడితే ఎన్ని షేర్లు కొనాలో అదే చెప్తుందన్నారు. నిజంగానే చెప్పింది, కాకపోతే చెప్పాల్సిన దానికి అయిదు రెట్లు. వాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఇలాంటి షీట్లు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి తప్పు ఎక్కడుందో తెలిస్తే చాలు.

అకౌంట్‌లో నా సొంత డబ్బు లక్ష. ఒక ట్రేడ్‌లో ఒక్క శాతం, అంటే వెయ్యి రూపాయలకు మించి పోకూడదన్నది క్లాసులో వాళ్ళు చెప్పిన రూలే. మొదటి రోజు 642 దగ్గర ఒక షేరు కొనాలనుకున్నాను. ఉదయం ఆ షేరు వెనక్కి తగ్గి నిలబడిన ధర 635. దాని కింద 634 దగ్గర స్టాప్ పెట్టాను. షీట్‌లో అన్నీ నింపితే 625 అని ఆకుపచ్చ రంగులో చూపించింది. చూపించింది కదా అని కొనేశాను.

అక్కడ నాకు చిన్న అనుమానమైనా రావాల్సింది. 625 షేర్లంటే 4,01,250 రూపాయల సరుకు, నా దగ్గరున్నది లక్ష. కానీ ఇంట్రాడేలో 20 శాతం మార్జిన్ ఉంటే బ్రోకర్ ఆర్డర్ తీసుకుంటాడు. 80,250 బ్లాక్ చేసుకుని టక్కున తీసుకున్నాడు. ఆర్డర్ వెళ్ళింది కాబట్టి లెక్క సరిగ్గానే ఉందనుకున్నాను. బ్రోకర్ చూసేది మార్జిన్ సరిపోతుందా లేదా అన్నది మాత్రమే. స్టాప్ తగిలితే మనకెంత పోతుందో అతనికి అనవసరం.

పదకొండు గంటలకు స్టాప్ తగిలింది. మార్కెట్ ఆర్డర్‌గా వెళ్ళే స్టాప్ కదా, 634కి కాకుండా సగటున 633.40కి అమ్ముడుపోయింది. 8.60 రూపాయల చొప్పున 625 షేర్లకు 5,375. ఎస్‌టీటీ, బ్రోకరేజీ, జీఎస్‌టీ అన్నీ కలిపి ఇంకో 190 దాకా. వెయ్యి పోతుందనుకున్నచోట అయిదున్నర వేలు పోయింది. నేనే ఎక్కడో తప్పు చేశాననుకుని, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. తర్వాత రెండు రోజుల్లో ఇంకో రెండు స్టాప్‌లు తగిలాయి. లక్ష కాస్తా 84 వేల చిల్లరకు వచ్చింది. లెక్క సరిగ్గా ఉండి ఉంటే ఆ మూడు ట్రేడ్‌లకు పోవాల్సింది మూడు వేల చిల్లర.

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. ఎంట్రీకి, స్టాప్‌కి తేడా 8 రూపాయలు. ఒక్కో షేరుకు నేను పోగొట్టుకోగలిగేది ఆ 8. మొత్తం మీద వెయ్యి దాకా పోగొట్టుకోవచ్చు కాబట్టి 1000ని 8తో భాగిస్తే 125 షేర్లు. అంతే, దీనికి పదో తరగతి లెక్కలు కూడా అక్కర్లేదు. మరి షీట్ చెప్పిన 625ని 8తో గుణిస్తే 5,000 వస్తుంది. అది లక్షలో ఒక శాతం కాదు, అయిదు. క్యాపిటల్ మార్చి మార్చి చూశాను. 50 వేలు వేసినా, 2 లక్షలు వేసినా సరిగ్గా అయిదు రెట్లే. షీట్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఫార్ములా దాచేశారు కాబట్టి లోపలేముందో కనపడదు.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఒకతను చాలా మామూలుగా చెప్పాడు: "సార్, ఇంట్రాడేకి 5ఎక్స్ లివరేజ్ వస్తుంది కదా, అది కలిపే లెక్క వేశాం." అదీ అసలు సంగతి. బ్రోకర్ ఇచ్చేది కొనే శక్తి, నష్టం భరించే డబ్బు కాదు. స్టాప్ తగిలితే పోయేదంతా నా లక్షలోంచే పోతుంది, అతని నాలుగు లక్షల్లోంచి కాదు. రిస్క్ శాతం ఎప్పుడూ సొంత డబ్బు మీదే వేయాలి.

"మరి వెయ్యికి మించి పోకూడదంటే ఎలా బ్రదర్?" అంటే ఇంకా గొప్ప సలహా ఇచ్చాడు. స్టాప్ దగ్గరకు లాక్కోమన్నాడు! 625 షేర్లకు వెయ్యి రూపాయలే పోవాలంటే స్టాప్ 1.60 దూరంలో, అంటే 640.40 దగ్గర ఉండాలి. ఆ షేరు అయిదు నిమిషాల క్యాండిల్‌లోనే మూడు రూపాయలు అటూ ఇటూ ఊగుతుంది. అక్కడ స్టాప్ పెడితే టీ తాగొచ్చేలోపు ఎగిరిపోతుంది. ముందు చార్ట్ చూసి స్టాప్ ఎక్కడో తేల్చుకోవాలి, ఆ తర్వాతే క్వాంటిటీ. ఇతను ముందు క్వాంటిటీ అనుకుని దానికి తగ్గట్టు స్టాప్‌ను జరపమంటున్నాడు.

ఇంకో తప్పు తర్వాత కనపడింది. షీట్ భాగహారాన్ని పైకి సర్దుతోంది. షేర్లలో అయితే ఒకటీ అరా తేడా, పోనీ అనుకోవచ్చు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో విడి షేర్లు కాకుండా లాట్ల లెక్కన కొనాలి, అక్కడ అలా కుదరదు. లాట్‌కి 75 అనుకుని, 20 పాయింట్ల స్టాప్ పెడితే ఒక్క లాట్‌కే 1,500 రిస్క్. వెయ్యి రిస్క్‌కి జవాబు 0.67 లాట్, అంటే ఆ ట్రేడ్ మనకు కాదని. అయిదు రెట్ల తప్పు పక్కన పెట్టినా, పైకి సర్దే షీట్ దాన్ని 1 చేసేస్తుంది.

మీకు షీటే కావాలంటే ఖాళీ ఎక్సెల్ తెరిచి B1లో సొంత డబ్బు, B2లో 1% (శాతం గుర్తుతో సహా, వట్టి 1 కొడితే అది నూటికి నూరు శాతం అవుతుంది), B3లో ఎంట్రీ, B4లో స్టాప్ వేసి, ఇంకో సెల్‌లో ఇది పెట్టుకోండి:

```
=ROUNDDOWN(MIN(B1*B2/ABS(B3-B4), B1/B3), 0)
```

ABS ఎందుకంటే షార్ట్ చేసేటప్పుడు స్టాప్ పైన ఉంటుంది. రెండో భాగం B1/B3 నేను జాగ్రత్త కోసం పెట్టుకున్నది. స్టాప్ మరీ దగ్గరైతే క్వాంటిటీ ఉబ్బిపోతుంది: 2 రూపాయల స్టాప్‌కి 500 షేర్లు, 3 లక్షల 21 వేల సరుకు. ధర ఒక్కసారిగా దూకితే స్టాప్ అనుకున్నచోట పనిచేయదు, అప్పుడు ఆ వెయ్యి లెక్క కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకని సొంత డబ్బుతో కొనగలిగినదాన్ని మించకుండా ఆపాను. ఇక్కడ అది 155 షేర్లు. ఛార్జీలకు, స్టాప్ అనుకున్న ధర దాటి జారడానికి కూడా చోటు ఉండాలని నేనిప్పుడు 8కి బదులు 9 వేసుకుంటున్నాను. 111 వస్తాయి.

డబ్బు వెనక్కి అడిగితే "డిజిటల్ ప్రొడక్ట్, రీఫండ్ లేదు" అన్నారు. కట్టింది యూపీఐలో ఎవరిదో వ్యక్తిగత ఖాతాకు, బిల్లు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. ఈలోపు వాళ్ళ కొత్త బ్యాచ్ ప్రకటన నాకే మళ్ళీ వచ్చింది.

ఇప్పటికే ఇలాంటి షీట్ కొన్నవాళ్ళు ఉంటే లక్ష, 1%, 642, 634 వేసి చూడండి. 125 కాకుండా ఇంకేదైనా వస్తే ఎంత వచ్చిందో కింద రాయండి.